ఆమె పెట్టుకోని బుట్టలు

చోడవరంలో మా ఫోటో స్టూడియోకి బోర్డు మా ఆయన పేరు మీద ఉంటుంది గానీ కంప్యూటర్ ముందు కూర్చునేది నేనే. ఆయన పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ కెమెరా భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు. మచ్చలు తుడవడం, కళ్ళు మూసుకున్నవాళ్ళకి కళ్ళు తెరిపించడం, వెనకాల మేకల్ని తీసేసి పూలతోట పెట్టడం నా పని. పదేళ్ళయింది. బాగా చేస్తానని పేరు. ఆ పేరు చూసుకుని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

ఫోటోలో లేనిది పెట్టడంలో నన్ను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరనుకునేదాన్ని. పుట్టినరోజు ఫ్లెక్సీలకి కుర్రాళ్ళు వచ్చి, "అక్కా, కూలింగ్ గ్లాసులు పెట్టక్కా" అంటారు. పక్క షాపులో అయితే నెట్లోంచి ఒక కళ్ళజోడు దింపి మొహం మీద అతికించేస్తారు. మొహం ఒక పక్కకి, కళ్ళజోడు ఒక పక్కకి. నేను అలా చెయ్యను. మొహం ఎటు తిరిగిందో ముందు చూస్తాను. తిరిగిన వైపు అద్దం చిన్నదవ్వాలి, ఇవతలి అద్దం పెద్దదిగా ఉండాలి. కాడ జుట్టులోకి వెళ్ళి మాయమవ్వాలి. ముక్కు మీద సన్నటి నీడ పడాలి. అద్దం కింది అంచులో బుగ్గ చర్మం రంగు కొంచెం కనపడాలి. అప్పుడే అది వాడి కళ్ళజోడు అవుతుంది.

కూలింగ్ గ్లాసులది సరదా వ్యవహారం. చెవులవి అలా కాదు. పోయినవాళ్ళ ఫోటో పెద్దకార్యానికి ఫ్రేము కట్టించేటప్పుడు ఆడమనిషి చెవులు బోసిగా ఉంటే మా వైపు ఎవరూ ఒప్పుకోరు. దండ వేసి, దీపం పెట్టి, ఊరంతా దణ్ణం పెట్టుకునే ఫోటో అది. అందుకని అడిగినా అడక్కపోయినా చెవులకి ఏదో ఒకటి పెట్టేయడం మా స్టూడియో అలవాటు. దానికోసం కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంచాను. అందులో ఎక్కువ వాడేవి నా బుట్టలే. మా అమ్మ పెట్టినవి. పైన కమ్మ, కింద వేలాడే బుట్ట, బుట్ట అంచు చుట్టూ ముత్యాలు. పాతకాలపు మోడల్, ఈ ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఇంచుమించు అలాంటివే ఉంటాయి. అందుకే ఎవరికి పెట్టినా నప్పేవి. వాటిలో ఒకదానికి ఒక ముత్యం ఊడిపోయింది. ఫోటో తీసినప్పుడు నేను తీసింది ఆ ఊడినదాన్నే. ప్రతిసారీ కంప్యూటర్లో ఆ ఖాళీ పూడ్చి వాడుకునేదాన్ని.

చెరుకు కోతల రోజుల్లో ఒక పొద్దున గోవాడ వైపు పల్లెటూరి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. అత్తగారు పోయి నాలుగు రోజులయిందట. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"మాయత్త ఫోటో అమ్మా. కిందటి నెల్లో నేనే తీసేను, అరుగు మీద కూకుంటే. బాగా సెయ్యండి, ఇదొక్కటే ఉంది," అని ఫోను ఇచ్చింది.

మంచి ఫోటో. ముసలామె అరుగు మీద కూర్చుని పక్కకి తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. సాయంత్రపు ఎండ ఒక పక్క నుంచి పడుతోంది. నవ్వబోతున్న మొహం. నేను ఫోను కేబుల్‌కి తగిలించి ఫోటోని కంప్యూటర్లోకి తీసుకున్నాను. అక్కడే మొదటి తప్పు చేశాను. కాపీ అని నొక్కబోయి కట్ అని నొక్కాను. ఫోటో ఫోన్లోంచి పోయి నా కంప్యూటర్లోకి వచ్చేసింది. ఆ సంగతి నాకప్పుడు తెలియదు, ఆమెకీ తెలియదు.

ఆమె వెళ్ళాక ఫోటోని పెద్దది చేసి చూశాను. చెవుల్లో పుల్లలున్నాయి. చీపురు పుల్లలు, పెసరగింజంత పొడవున తుంచినవి. బంగారం లేనప్పుడు చెవి చిల్లు పూడుకుపోకుండా పెట్టుకుంటారు. చాలామందికి చూశాను. అయ్యో అనుకున్నాను. అనుకుని వాటిని తుడిచేశాను.

తర్వాత నా బుట్టని తెచ్చి ఇవతలి చెవికి పెట్టాను. కమ్మ చెవి తమ్మెని అంటిపెట్టుకుని ఉండాలి కాబట్టి తమ్మె ఎటు వాలిందో అటు వంచాను. బుట్టని మాత్రం వంచలేదు. ఆమె తల వాల్చి ఉన్నా బుట్ట నిలువుగానే వేలాడుతుంది. కొత్తగా పని నేర్చుకున్నవాళ్ళు తలతో పాటు బుట్టని కూడా తిప్పేస్తారు, అక్కడే దొరికిపోతారు. ఎండ వచ్చే వైపు బుట్ట మీద చిన్న మెరుపు ఉంచి రెండో వైపు మసక చేశాను. మెడ మీద పల్చటి నీడ వేశాను. దవడ కింద చర్మం మీద పసుపుపచ్చ ఛాయ, ఉందా లేదా అన్నంత. బంగారం మీద ఎండ పడితే ఆ వెలుగు పక్కనున్న చర్మం మీద పడుతుంది. బుట్ట అడుగున ఆమె చర్మం రంగు కొంచెం అద్దాను. అవతలి చెవి సగమే కనపడుతోంది. దానికి మళ్ళీ కష్టపడడమెందుకని ఇదే బుట్టని అద్దంలో బొమ్మలా తిరగేసి, సన్నగా నొక్కి, నీడలో పడేలా చీకటి చేసి దవడ వెనక్కి జరిపాను. ఆ రోజు ఇంకో మూడు పనులున్నాయి. ముత్యం ఖాళీ పూడ్చడం మర్చిపోయాను.

అయ్యాక కుర్చీ వెనక్కి జరిపి చూసుకున్నాను. ముసలామె బంగారంతో వెలిగిపోతోంది. నన్ను నేనే మెచ్చుకున్నాను, ఏం చెప్పమంటారు.

ఫ్రేము తీసుకెళ్ళడానికి ఆమె భర్త వచ్చాడు, పోయినావిడ కొడుకు. పేపరు చుట్టి కట్టి ఉంచాను. విప్పి చూసుకోమన్నాను. "నాను సూడలేనమ్మా" అని అలాగే పట్టుకుపోయాడు.

పెద్దకార్యం రోజు పది గంటలప్పుడు ఫోను మోగింది. ఎక్కడో పెరట్లో చాటుకి వచ్చి చేస్తున్నట్టుంది, ఏడుపు తప్ప మాట వినపడలేదు. కాసేపటికి ఆ కోడలి గొంతు గుర్తుపట్టాను.

"అమ్మా, ఆ ఫోటోలో బుట్టలెక్కడివమ్మా? మాయత్తకి బుట్టల్లేవమ్మా. పుల్లలే కదమ్మా ఉండేవి!"

ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పమన్నాను.

ఆమె వెక్కుతూ చెప్పినదాన్ని నేను అతుక్కుంటే తేలింది ఇది. పోయినావిడకి ఒకప్పుడు అచ్చం అలాంటి బుట్టలే ఉండేవి. రెండేళ్ళ కిందట ఎవరికీ చెప్పకుండా అమ్మేసింది. కోడలికి మాత్రం చెప్పి, కూతురు అడిగితే పెట్టెలో ఉన్నాయనమని ఒట్టు వేయించుకుంది. కూతురు అడిగింది. కోడలు పెట్టెలో ఉన్నాయంది. ఇప్పుడు పెట్టె ఖాళీ. దండ వేయడానికి ఫోటో పేపరు విప్పితే తల్లి చెవులకి బుట్టలు. ఫోటో తీసింది కిందటి నెలలో. తీసింది కోడలు. పోయినప్పుడు స్నానం చేయించిందీ కోడలే. మరి బుట్టలేవి? ఫోన్లో అసలు ఫోటో చూపించమన్నారు. అందులో లేదు. కావాలనే తీసేసిందన్నారు.

"నన్ను పుట్టింటికి పంపించెస్తామంటన్నారమ్మా. పోలీసులకి సెప్తామంటన్నారు. మీరొచ్చి ఒక్క మాట సెప్పండమ్మా," అంది. తర్వాత ఎవరో ఫోను లాక్కున్నట్టుంది, కట్ అయిపోయింది.

మా ఆయన దేవరాపల్లిలో పెళ్ళిలో ఉన్నాడు. ఫోను చేశాను. అంతా విని, "నువ్వెళ్ళకు. పార్టీ అడిగితేనే పెట్టేం అని సెప్దాం. వాళ్ళింటి గొడవ మనకెందుకు? కార్యం ఇంట్లో జనం మీద పడితే ఏటి సేస్తావు?" అన్నాడు. ఆయన పిరికివాడు కాదు. నా గురించే భయపడ్డాడు. నిజం చెప్పొద్దూ, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఫోటో ఇచ్చినవాళ్ళే అడిగారు, పెట్టాం. ఎంత తేలిక! ఎవరూ రుజువు చెయ్యలేరు. అయిదు నిమిషాలు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. నేను ఆ మాట అన్నానంటే ఆ పిల్ల మెడకి ఉరి బిగించినట్టే. బుట్టలు తనే కాజేసి, అత్త చివరిదాకా పెట్టుకుందని నమ్మించడానికి ఫోటోలో పెట్టించిందని కూడా అంటారు.

కంప్యూటర్ తెరిచి అసలు ఫోటో వెతికాను. ఉంది. దాన్ని నా ఫోన్లోకి పంపుకున్నాను. ఆమె ఫోన్లో ఫోటో లేదంటే కాపీకి బదులు కట్ నొక్కి ఉంటానని అప్పుడే అర్థమయింది. ఆమె ఫోన్లోంచి ఫోటో తీసేసింది కూడా నేనే. ఇంటికెళ్ళి బీరువాలోంచి నా బుట్టలు తీసి రుమాలులో మూటకట్టి పర్సులో పెట్టుకున్నాను. ఆటో ఎక్కాను. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు. ఆటో ఆగినప్పుడల్లా దిగి వెనక్కి పోదామా అనిపించింది. దేవుడా, వాళ్ళెవరూ ఇంట్లో లేకుండా చూడు అని కూడా దణ్ణం పెట్టుకున్నాను. కార్యం రోజున ఇంట్లో ఎవరూ లేకపోవడమేమిటి? భయంలో ఉన్న బుర్ర అంతే.

గేటు లోపల వాకిట్లోనే షామియానా. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. గుమ్మం పక్కన బల్ల మీద ఫోటో. దండ మధ్యలోంచి నా బుట్ట మెరుస్తోంది. కోడలు గోడవారన కింద కూర్చుని ఉంది. ఆమె భర్త దూరంగా స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు. పోయినావిడ కూతురు, యాభైకి దగ్గరపడిన మనిషి, బల్ల పక్కనే నిలబడి ఉంది. కుర్చీలో పోయినావిడ తమ్ముడు, అంటే ఆ కూతురికీ కొడుకుకీ మేనమామ. పెద్దమనిషి ఆయనే.

నేను ఎవరో చెప్పాను. ఆ బుట్టలు నేను పెట్టానని చెప్పాను.

కూతురు నన్ను పైనుంచి కిందకి చూసింది. "నువ్వెట్టేవా? ఏదీ, ఇటు రా. సూడు. మాయమ్మ బుగ్గ మీద బంగారం మెరుపు కొడతంది సూడు. మెడ మీద నీడుంది సూడు. బొమ్మేస్తే ఇలాగొస్తదేటి? నాను సదూకోలేదు గానీ కళ్ళున్నాయమ్మా!"

ఏ మెరుపు చూసుకుని మురిసిపోయానో దాన్నే వేలితో పొడిచి చూపిస్తోంది. నీడ ఎలా వేశానో, పసుపు ఛాయ ఎలా అద్దానో చెప్పాను. చెప్పేకొద్దీ నాకే అబద్ధంలా వినపడింది. కుర్చీల్లో ఎవరో నవ్వారు.

"దీనికెంతిచ్చిందో సెప్పమను," అంది కూతురు, కోడలి వైపు చూసి.

అప్పుడు నేను తెలివైన పని చేస్తున్నాననుకుని పర్సులోంచి రుమాలు తీసి విప్పాను. "ఇవిగోనమ్మా. ఇవి నావి. వీటినే ఫోటో తీసి అందులో పెట్టాను."

కూతురు పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "మాయమ్మ బుట్టలు! దీనికమ్మేసిందిరో! మావా, సూడు, దొంగ సొత్తు కొనుక్కుని మన గుమ్మంలోకే తెచ్చింది!"

కుర్చీలు కదిలిన చప్పుడు. నా చుట్టూ ఆడవాళ్ళు మూగారు. వెనకాల గేటు గడియ పడడం వినపడింది. ఎవరో నా చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నారు. ఇంట్లో నా కూతురు స్కూలు నుంచి వచ్చేసరికి నేను స్టేషన్లో ఉంటానేమో, పేపర్లో స్టూడియో పేరు వేస్తారేమో, ఇవే ఆలోచనలు. ఆ కోడలి సంగతి ఆ నిమిషంలో నాకు గుర్తే లేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అంతే జరిగింది.

"సెయ్యొగ్గియ్యండే," అన్నాడు మేనమామ. "అమ్మా, నీవని ఎలాగ సెప్తావు?"

బుట్టలు ఆయన అరచేతిలో పెట్టాను. పెడుతుంటే ఊడిన ముత్యం చోటు నా వేలికి తగిలింది. అప్పుడు తట్టింది. ఆ ఖాళీ పూడ్చలేదు కదా!

"బాబూ, మీ చేతిలో ఉన్నవాటికి ముత్యాలు చూడండి. ఎన్నిటికి ఊడింది?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఒకదానికే ఊడింది. రెండోది నిండుగుంది."

"ఇప్పుడు ఫోటోలో చూడండి."

దండ పక్కకి తీశారు. ఆయన ఫోటోకి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళాడు. ఇవతలి బుట్టకి మెడ వెనక వైపు ఒక ముత్యం లేదు. దవడ వెనకనుంచి సగం తొంగిచూస్తున్న అవతలి బుట్టకి కూడా లేదు, సరిగ్గా దానికి ఎదురు చోట.

"రెండింటికీ లేదు," అన్నాడాయన నెమ్మదిగా. "అద్దంలో సూసినట్టుంది."

"ఒకదాన్నే తిరగేసి రెండో చెవికి పెట్టాను బాబూ. నిజంగా ఈ జత పెట్టుకుని ఫోటో దిగితే ఒక చెవికే ఖాళీ ఉండాలి కదా. ఇది నా తప్పు. ఈ పిల్ల నన్ను పెట్టమనలేదు. ఫోటో ఇంటికొచ్చి విప్పేదాకా చూడనూ లేదు. ఫోన్లో ఫోటో తీసేసింది కూడా నేనే, పొరపాటున."

మేనమామ బుట్టలు నా చేతిలో పెట్టేశాడు. గేటు గడియ ఎవరు తీశారో తెలియదు. కూతురు మాత్రం బల్ల పట్టుకుని అలాగే నిలబడింది.

"అయితే మాయమ్మ సెవులకేటున్నాయి?" అంది.

అసలు ఫోటో తెచ్చాను గానీ, తప్పనిసరైతే తప్ప చూపించకూడదనుకునే వచ్చాను. ఊరందరి ముందు పోయినావిడ గుట్టు అది. కోడలు గోడ దగ్గర నుంచి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అన్ని మాటలు పడుతూ కూడా ఆమె పుల్లల సంగతి ఆ జనం ముందు ఎత్తలేదని నాకు అప్పుడే అర్థమయింది. ఫోన్లో నాకొక్కదానికే చెప్పింది. కూతురు చూపించమని చెయ్యి చాపింది. అసలు ఫోటో తెరిచి ఫోను ఇచ్చాను.

ఆవిడ రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్ళనుంచే?"

"రెండేళ్ళు వదినా," అంది కోడలు.

"నాను పండక్కొచ్చేను. ఆ మజ్జిన జొరమొస్తే వొచ్చేను. పక్కలోనే తొంగున్నాను," అంది కూతురు, ఎవరితోనో తెలియకుండా. "నాను సూడలేదు." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు సూసేవు గదా. సూసి ఎందుకు తుడిసేసేవు?"

బోసిగా ఉంటే బాగుండదని, అందరికీ అలాగే చేస్తామని చెప్పబోయాను. ఆవిడ వినడానికి ఆగలేదు. ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనకాల వెళ్ళారు. వడ్డన మొదలుపెట్టమని ఎవరో కేకేశారు.

కోడలు నన్ను రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చింది. ఆమె ఫోన్లోకి ఆ ఫోటో మళ్ళీ పంపించాను. బుట్టలు తీసేసి రేపే కొత్త ఫ్రేము పంపిస్తానన్నాను. క్షమించమన్నాను. ఇక ఎవరూ ఏమీ అనరులే, భయపడకు అన్నాను.

"ఆల సంగతి కాదమ్మా," అంది. "మా వదినంటే అంది. ఆలమ్మ కదా, కడుపు మండి అంది. అందరూ అన్నాక, మాయాయన నన్ను లోపల గదిలోకి పిలిసేరు. నా పక్కనుంటారు గావాల అనుకుని యెళ్ళేను. తలుపేసి, మెల్లగా, 'ఎక్కడెట్టేవో నాకొక్కడికే సెప్పు, నానెవరికీ సెప్పను' అన్నారు."

ఫ్రేము రేపు నేనే తెచ్చి ఇస్తానన్నాను.

"బుట్టలంటే మీరు తీసెస్తారు. ఆ మాటేటి సెయ్యనమ్మా? రాత్రికి ఆ గదిలోకే యెళ్ళాలి గదా," అంది. లోపలి నుంచి ఆమె భర్త పిలిచాడు, విస్తళ్ళు ఎక్కడున్నాయని. ఆ గొంతు వినగానే ఆమె భుజాలు దగ్గరికి ముడుచుకుపోయాయి. వస్తన్నానండీ అని కేకేసి గబగబా లోపలికి వెళ్ళింది.